బత్తాయి తోటలో మగ పురుగును దారి తప్పించే పద్ధతి: ఏ పురుగుకు పనికొస్తుంది, దేనికి పనికిరాదు

పత్తిలో గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెట్టడం నల్గొండ, మహబూబ్‌నగర్ రైతులకు కొత్త కాదు. మామిడి, జామ తోటల్లో పండు ఈగ బుట్టలూ చాలామందికి తెలుసు. ఈమధ్య వాటితో పాటు ఇంకో మాట కూడా వినిపిస్తోంది. బుట్ట లేకుండా, పురుగును పట్టకుండా, తోటంతా ఆడ పురుగు వాసన నింపి మగ పురుగుకు జోడీ దొరక్కుండా చేయడం. దీన్నే మేటింగ్ డిస్రప్షన్ అంటున్నారు. "బుట్టలు పెడుతనే ఉన్నం కదా సార్, ఇది వేరేనా?" అని బత్తాయి రైతులు అడిగే ప్రశ్న సరైనదే. రెండింటిలోనూ వాడేది ఒకే రకం వాసన. పని మాత్రం పూర్తిగా వేరు. ఒకటి పనిచేసిన చోట రెండోది పనిచేయాలనేం లేదు.

నల్గొండ జిల్లా బత్తాయి, నిమ్మ తోటల్లో రెండు రకాల రెక్కల పురుగులు నష్టం చేస్తాయి. ఒకటి లేత ఆకులో సొరంగం తొలిచే లీఫ్ మైనర్. రెండోది రాత్రిపూట వచ్చి పండు రసం పీల్చే పెద్ద రెక్కల పురుగు. ఒకే తోట, ఒకే చెట్టు. అయినా వాసనతో దారి తప్పించే పద్ధతి మొదటిదాని మీద కొంత పనిచేసే అవకాశం ఉంది, రెండోదాని మీద అస్సలు లేదు. ఎందుకో అర్థమైతే ఈ పద్ధతి మొత్తం అర్థమైనట్టే.

## ఆడ పురుగు వదిలే వాసన

రెక్కల పురుగుల్లో సాధారణంగా ఆడది కదలకుండా ఒకచోట కూర్చుని, పొట్ట చివర ఉన్న గ్రంథి నుంచి అతి కొద్దిగా వాసన పదార్థం వదులుతుంది. గాలిలో సాగే ఆ వాసన తీగను మగది మీసాలతో పసిగట్టి, గాలికి ఎదురుగా వంకర టింకరగా ఎగురుతూ ఆడదాన్ని చేరుతుంది. ఈ పదార్థాన్నే ఫెరోమోన్ అంటారు. దాన్ని మొదటిసారి విడదీసి రసాయనంగా గుర్తించింది జర్మనీకి చెందిన అడాల్ఫ్ బుటెనాంట్ బృందం, 1959లో. అందుకోసం వాళ్లు దాదాపు 5 లక్షల ఆడ పట్టు పురుగుల గ్రంథులు వాడారు. అన్ని పురుగుల నుంచి చివరికి దొరికింది కొన్ని మిల్లీగ్రాములే. ఒక్క పురుగు ఎంత తక్కువ వాసనతో పని కానిస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఈ వాసన ఏ జాతికి ఆ జాతిదే. మన ప్రాంతంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. పత్తిలో గులాబీ రంగు పురుగు ఫెరోమోన్ పేరు గాసీప్లూర్. అది 16 కార్బన్ల గొలుసు. 7వ, 11వ స్థానాల్లో జంట బంధాలు ఉంటాయి, చివర అసిటేట్ అనే గుంపు ఉంటుంది. బత్తాయి లీఫ్ మైనర్ ఫెరోమోన్‌లో ఒక భాగం కూడా 16 కార్బన్ల గొలుసే, జంట బంధాలు కూడా 7, 11 స్థానాల్లోనే. కొసన మాత్రం అసిటేట్‌కు బదులు ఆల్డిహైడ్ ఉంటుంది. గెట్టుకు ఒక పక్క పత్తి, ఇంకో పక్క బత్తాయి ఉన్నా, ఆ కొస తేడా చాలు, ఒకదాని మగది ఇంకోదాని ఆడదాని దగ్గరికి పోదు.

అందుకే పత్తికి కొన్న ఎరను బత్తాయిలో కట్టి చూడటంలో అర్థం లేదు. ఫెరోమోన్ వాడితే తోటలోని పురుగులన్నీ పోతాయని ఎవరైనా చెబితే అదీ నమ్మదగ్గ మాట కాదు. సిల్లా, నల్లి, తామర పురుగు, నల్ల ఈగ లాంటివాటికి రెక్కల పురుగు వాసనతో సంబంధమే లేదు.

## ఒకే వాసన, మూడు రకాల వాడకం

బుట్టలో రబ్బరు ఎర పెట్టి వారానికి ఎన్ని మగ పురుగులు పడ్డాయో లెక్కపెట్టడం మొదటి వాడకం. పురుగు వచ్చిందా, ఎప్పుడు వచ్చింది, పెరుగుతోందా అని తెలుసుకోవడమే దీని పని. ఎకరానికి ఒకటి రెండు బుట్టలతో పురుగు తగ్గదు, కేవలం కబురు తెలుస్తుంది.

బుట్టలు చాలా ఎక్కువ పెట్టి మగవాటిని పట్టి చంపడం రెండోది. దీనికి ఒక చిక్కు ఉంది. ఒక మగ పురుగు ఒక ఆడదానితో ఆగదు, రాత్రి తర్వాత రాత్రి వేరే ఆడవాటితోనూ జతకడుతుంది. తోటలో 100 మగ పురుగులు ఉంటే 80 పట్టేసినా మిగిలిన 20 చాలామటుకు ఆడవాటికి సరిపోతాయి. బుట్ట నిండా పురుగులు కనబడి రైతుకు సంతృప్తి కలుగుతుంది గానీ, గుడ్లు ఆ లెక్కన తగ్గవు.

మూడోది మనం మాట్లాడుకుంటున్నది. ఇందులో ఏ పురుగునూ పట్టరు, చంపరు. ప్లాస్టిక్ గొట్టాలు, తాళ్లు లేదా మైనం లాంటి ముద్ద రూపంలో ఎక్కువ వాసనను తోటంతా, నెలల తరబడి, నెమ్మదిగా విడుదల చేస్తారు. వాసన వదిలే ఆ గొట్టాన్ని గానీ ముద్దను గానీ డిస్పెన్సర్ అంటారు. మగది జోడీని కనుక్కోలేకపోతే ఆడది పొదిగే గుడ్లు పెట్టలేదు. ఆలస్యంగా కనుక్కున్నా లాభమే, వయసు మీరిన ఆడది తక్కువ గుడ్లు పెడుతుంది.

ఇక్కడే మామిడి రైతులు తికమకపడుతున్నారు. పండు ఈగకు వాడే మిథైల్ యూజినాల్ ఫెరోమోన్ కాదు, మేటింగ్ డిస్రప్షన్ మందు అంతకన్నా కాదు. అది కొన్ని మొక్కల్లో ఉండే పదార్థం. మగ ఈగలు దాని కోసం ఎగబడతాయి, అందులో కలిపిన మందుతో చస్తాయి. మగవాటిని దాదాపు పూర్తిగా తుడిచిపెట్టేంత బలంగా లాగుతుంది కాబట్టి అక్కడ పట్టి చంపడం పనిచేస్తుంది. పైగా అది ఈగ, రెక్కల పురుగు కాదు.

## మగ పురుగు ఎలా దారి తప్పుతుంది

దీనికి రెండు దారులున్నాయి. ఏ పురుగు విషయంలో ఏ దారి పనిచేస్తుందన్న దాన్నిబట్టి మిగతా లెక్కలన్నీ మారిపోతాయి.

మొదటిది పోటీ. డిస్పెన్సర్ నిజమైన ఆడ పురుగులా మగదాన్ని తనవైపు లాగుతుంది. మగది దాని దగ్గరికి వెళ్లి, ఏమీ దొరక్క, మళ్లీ వెతుకులాట మొదలుపెడుతుంది. లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో డిస్పెన్సర్ ఒక్కో ఆడ పురుగుతో సమానంగా లాగుతుందని అనుకుందాం. ఎకరంలో 400 డిస్పెన్సర్లు, ఆ రాత్రి పిలుస్తున్న ఆడ పురుగులు 40. మొత్తం 440 పిలుపుల్లో నిజమైనవి 40. అంటే మగది 11 సార్లు వెతికితే ఒక్కసారి నిజమైన ఆడది దొరుకుతుంది. ఇప్పుడు అదే ఎకరంలో పురుగు విరగబడి ఆడవి 4,000 ఉన్నాయనుకోండి. 4,400 పిలుపుల్లో 4,000 నిజమైనవే. 11 సార్లు వెతికితే 10 సార్లు జోడీ దొరుకుతుంది. డిస్పెన్సర్లు అవే, ఖర్చు అదే, ఫలితం మాత్రం శూన్యం.

పురుగు తక్కువగా ఉన్నప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుందనే మాట ఇక్కడి నుంచే వచ్చింది. పురుగుమందు అలా కాదు. పురుగు ఎక్కువున్నా తక్కువున్నా అందులో ఒక వంతును చంపుతుంది. అందుకే పురుగు ముదిరాక డిస్పెన్సర్లు కట్టి, పని చేయలేదని మందును తిట్టుకోవడం చాలా దేశాల్లో జరిగింది.

రెండోది మరుగు. తోటంతా వాసన ఎంతగా నిండుతుందంటే, ఆడ పురుగు విడిచిన సన్నటి తీగ అందులో కలిసిపోయి ఆనవాలు దొరకదు. చెర్వుగట్టు జాతరలో నాలుగు దిక్కులా మైకులు మోగుతుంటే మనల్ని పిలిచే గొంతు ఎటునుంచో తెలియనట్టే. కొన్నిసార్లు మగదాని మీసాలే ఆ వాసనకు మొద్దుబారిపోతాయి. ఈ దారిలో మగది డిస్పెన్సర్ దగ్గరికి కూడా పోదు, ఎక్కడికీ పోలేదు. కాబట్టి ఆడవి 40 ఉన్నా 4,000 ఉన్నా పెద్ద తేడా ఉండదు. పోటీ కన్నా ఇది గట్టి దారి, కానీ అన్ని జాతుల్లో ఇది సాధ్యం కాదు.

## ఆపిల్ తోటల్లో ఎందుకు గెలిచింది

తోట పంటల్లో ఈ పద్ధతికి పేరు తెచ్చింది ఆపిల్ కాయ తొలిచే కాడ్లింగ్ మాత్. మన దేశంలో అది లడఖ్‌లో ఉంది. దాని ఫెరోమోన్ కాడ్లెమోన్‌ను 1971లో గుర్తించారు. అంతకుముందే 1967లో కాలిఫోర్నియాలో క్యాబేజీ లూపర్ అనే పురుగు మీద, పొలంలో వాసన నింపి మగవాటిని దారి తప్పించవచ్చని మొదటిసారి చూపించారు. అమెరికాలో కాడ్లింగ్ మాత్ డిస్పెన్సర్లు 1991లో అమ్మకానికి వచ్చాయి. హెక్టారుకు 1,000, అంటే మన లెక్కలో ఎకరానికి సుమారు 400. చేత్తో, చెట్టు పైభాగాన కట్టాలి. ఎందుకంటే ఆ పురుగు కొమ్మల పైకొసల దగ్గరే జతకడుతుంది, కింద కడితే సగం పనే అవుతుంది.

అయినా ఒక్కో రైతు విడివిడిగా కట్టుకున్నప్పుడు ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా వచ్చాయి. 1995లో వాషింగ్టన్, ఓరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో పక్కపక్క తోటల్ని కలిపి పెద్ద బ్లాకులుగా చేసే ప్రాజెక్టు మొదలయ్యాకే దశ తిరిగింది. మొదటి ఏడాది డిస్పెన్సర్లతో పాటు మందు కూడా కొట్టి పురుగును కిందికి దించారు. తర్వాతి ఏళ్లలో పిచికారీలు బాగా తగ్గించగలిగారు. ఇవాళ వాషింగ్టన్ ఆపిల్ తోటల్లో అత్యధిక భాగం ఈ పద్ధతిలోనే ఉన్నాయి.

ఈ కథలో మనం పట్టుకోవాల్సింది పురుగు స్వభావం. కాడ్లింగ్ మాత్ లార్వా ఆపిల్ కాయలోనే పెరుగుతుంది. ఆ తోట చెట్ల బెరడు కింద, ఆ చెట్ల మొదట్లోనే కోశస్థ దశ గడుపుతుంది. రెక్కలొచ్చాక కూడా చాలామటుకు పుట్టిన తోట పరిసరాల్లోనే తిరుగుతుంది. పుట్టుక, పెళ్లి, గుడ్లు అన్నీ తోటలోపలే. కాబట్టి తోటలో జత ఆపితే తోటలో పురుగు ఆగుతుంది.

## బత్తాయి రసం పీల్చే రెక్కల పురుగు: ఇక్కడ లెక్కే తప్పుతుంది

ఇప్పుడు నల్గొండకు వద్దాం. అంబెబహార్ కాయ రంగు తిరిగే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, వానలు పడుతున్న రోజుల్లో, పొద్దుగూకాక తోటలో టార్చి వేసి చూస్తే ఈ పురుగు కాయ మీద కూర్చుని కనబడుతుంది. అరచేతి వెడల్పుండే రెక్కలు. ముందు రెక్కలు ఎండుటాకు రంగు, వెనక రెక్కలు నారింజ రంగు మీద నల్ల మచ్చ. శాస్త్రీయ నామం యూడోసిమా, మన దగ్గర అందులో రెండు మూడు జాతులు కనబడతాయి. దాని తొండం కొస గరుకుగా, ముళ్లతో ఉంటుంది. బత్తాయి తోలును సూది గుచ్చినట్టు గుచ్చి రసం పీలుస్తుంది. మర్నాడు చూస్తే చిన్న రంధ్రం తప్ప ఏమీ కనబడదు. రంధ్రం చుట్టూ నొక్కితే రసం చిమ్ముతుంది. రెండు మూడు రోజుల్లో ఆ చోట మెత్తబడి, కుళ్లి, కాయ రాలిపోతుంది. చెట్టు కింద రాలిన కాయల్ని చూసి ఇది తెగులే అనుకుని శిలీంద్రనాశిని కొట్టినవాళ్లు తక్కువేం కాదు.

దీని లార్వా బత్తాయి చెట్టు మీద ఒక్క ఆకు కూడా తినదు. అది పెరిగేది కంచెల మీద, గుట్టల మీద, బీళ్లలో అల్లుకునే తిప్పతీగ, దూసరితీగ లాంటి తీగల మీద. ఇదే కాకుండా ఆముదం దాసరి పురుగు కూడా రెక్కలొచ్చాక పండ్ల మీద వాలుతుంది. దాని లార్వా పెరిగేది ఆముదపు చేలో. ఆముదం నల్గొండ, మహబూబ్‌నగర్ చెల్కలకు పాత పంట అని వేరే చెప్పక్కర్లేదు.

ఇక మన పద్ధతిని దీనికి అన్వయించి చూడండి. తోటలో వాసన నింపి జతకట్టడాన్ని నూటికి నూరు పాళ్లూ ఆపేశామనే అనుకుందాం. పురుగు జతకట్టింది గుట్ట దగ్గర, తోటకు వచ్చింది తిండి కోసం. కాయను గుచ్చేది లార్వా కాదు, రెక్కల పురుగే. ఆడదీ గుచ్చుతుంది, మగదీ గుచ్చుతుంది. జోడీ దొరకని మగ పురుగుకు ఆకలి తగ్గదు కదా. గుడ్లు ఎలాగూ తోట బయటి తీగల మీదే పెడుతుంది. నష్టం చేసే దశ వేరు, మనం ఆపే దశ వేరు. అందుకే ఈ పురుగు విషయంలో ఎంత మంచి ఫెరోమోన్ దొరికినా మేటింగ్ డిస్రప్షన్‌కు చోటు లేదు. తోట చుట్టూ తీగలు తీసేయడం, కాయలకు సంచులు తొడగడం, రాత్రి పొగ పెట్టడం, ఎర పాత్రలు పెట్టడం లాంటి పాత పద్ధతులే దీనికి ఆధారం. వాటిలోనూ సంచి తప్ప మిగతావాటి ఫలితం అరకొరే.

## లీఫ్ మైనర్: పనిచేయగలిగిన చోటు

లీఫ్ మైనర్ కథ దీనికి సరిగ్గా వ్యతిరేకం. రెక్కల పురుగు పొడవు 2 మిల్లీమీటర్లకు అటూఇటూ. వెండి తెలుపు రెక్కలు, కొసన ఒక నల్ల చుక్క. ఆడది లేత ఇగురు మీదే గుడ్లు పెడుతుంది. లార్వా ఆకు పై పొర కిందికి దూరి పాకుతూ పోతే వెండి గీతలా వంకర్ల సొరంగం కనబడుతుంది. చివరికి ఆకు అంచును ముడిచి, ఆ మడతలో కోశంగా మారుతుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా రెండు మూడు వారాలు. ఇది పెరిగేది బత్తాయి, నిమ్మ జాతి చెట్ల మీదే. అంటే పుట్టుక, జత, గుడ్లు చాలామటుకు తోటలోనే. కాడ్లింగ్ మాత్‌కు కుదిరిన షరతు దీనికీ కుదిరింది.

దీని ఫెరోమోన్ చరిత్ర ఆసక్తిగా ఉంటుంది. పైన చెప్పిన 16 కార్బన్ల ఆల్డిహైడ్, రెండు జంట బంధాలది, మగవాటిని లాగుతుందని 1985లో జపాన్‌లో కనుక్కున్నారు. అక్కడ అది ఒక్కటే సరిపోయింది. అదే ఎరను వేరే దేశాల్లో పెడితే పురుగు దాని వంక చూడలేదు. 2006లో గానీ కారణం తెలియలేదు. బ్రెజిల్, అమెరికా పరిశోధకులు మూడు జంట బంధాలున్న ఇంకో ఆల్డిహైడ్‌ను గుర్తించారు. అది మూడు పాళ్లు, పాతది ఒక పాలు కలిస్తేనే అక్కడి మగ పురుగు కదులుతుంది. పేరుకు ఒకే జాతి అయినా ప్రాంతాన్నిబట్టి ఇష్టపడే మిశ్రమం మారుతోంది. కాబట్టి బయటి నుంచి వచ్చిన ఎర మన తోటలో పనిచేస్తుందో లేదో ముందు నాలుగు బుట్టలు పెట్టి చూడాల్సిందే. మేటింగ్ డిస్రప్షన్ గురించి ఆలోచించడం ఆ తర్వాత.

ఫ్లోరిడాలో జరిగిన ప్రయోగాల్లో ఇంకో వింత బయటపడింది. దారి తప్పించడానికి పూర్తి మిశ్రమం కన్నా మూడు జంట బంధాల భాగం ఒక్కటే వాడితే మేలుగా పనిచేసింది. అది ఒక్కటే ఉన్నప్పుడు మగది డిస్పెన్సర్ వైపు రాదు, కానీ నిజమైన ఆడదాన్ని కూడా గుర్తుపట్టలేదు. ముందు చెప్పుకున్న రెండు దారుల్లో ఇది మరుగు దారి. అందుకే హెక్టారుకు కొద్ది గ్రాముల పదార్థమే సరిపోయింది, పురుగు సంఖ్య మీద ఆధారపడటం కూడా తగ్గింది. లాగడానికి పనికిరానిది అడ్డుకోవడానికి ఎక్కువ పనికి రావడం ఈ రంగంలో నాకు బాగా నచ్చిన విషయం. పూర్తి మిశ్రమం తయారీ ఖర్చులో ఒక భాగం దీనివల్ల తప్పుతుంది కూడా.

అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. నాలుగైదేళ్లు దాటిన బత్తాయి చెట్టు లీఫ్ మైనర్ దెబ్బను తట్టుకుంటుంది. కొన్ని ఇగురు ఆకులు వంకర పోయినా దిగుబడి మీద పెద్ద ప్రభావం ఉండదు. నష్టం నిజంగా జరిగేది నర్సరీల్లో, కొత్తగా నాటిన తోటల్లో, ఇంకా నిమ్మలో. నిమ్మలో ఎందుకంటే సొరంగం పడ్డ ఆకు గజ్జి తెగులుకు తలుపు తీసినట్టే. నకిరేకల్ చుట్టుపక్కల నిమ్మ తోటల రైతులకు గజ్జి మచ్చ పడిన కాయకు రేటు ఎలా పడిపోతుందో బాగా తెలుసు.

మరి లేత తోటలో వాసన నిలుస్తుందా? ముదురు తోటలో గుబురుగా ఉన్న ఆకులు వాసనను పీల్చుకుని మళ్లీ నెమ్మదిగా వదులుతాయి, గాలి వేగాన్నీ తగ్గిస్తాయి. ఆరు మీటర్ల ఎడంతో ఎకరానికి 110 దాకా మొక్కలు నాటిన రెండేళ్ల తోటలో మొక్క నడుము ఎత్తు కూడా ఉండదు, మధ్యంతా ఖాళీ. గాలి వీస్తే వాసన పక్క చేలో ఉంటుంది. అవసరం ఎక్కువున్న తోటలోనే వాసన తక్కువ నిలుస్తుంది. లీఫ్ మైనర్‌కు ఈ పద్ధతి గురించి ఎవరు గొప్పగా చెప్పినా ఈ ఒక్క ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబుందా అని చూడాలి.

## రెండెకరాలకు, ఇరవై ఎకరాలకు తేడా

జతకట్టిన ఆడ పురుగు పక్క తోట నుంచి ఎగిరొచ్చి గుడ్లు పెడితే మన తోటలో వాసన ఎంతున్నా లాభం లేదు. తోట అంచుల్లో ఈ బెడద ఎక్కువ, గాలి వచ్చే వైపు అంచులో వాసన కూడా పలుచన. అంచు నుంచి 20 మీటర్ల దాకా రక్షణ సరిగా ఉండదని ఒక ఉదాహరణగా తీసుకుందాం.

రెండెకరాల చదరపు తోట సుమారు 90 మీటర్ల భుజం. నాలుగు వైపులా 20 మీటర్లు తీసేస్తే లోపల మిగిలేది 50 మీటర్ల చదరం, అంటే 8,100 చదరపు మీటర్లలో 2,500. మూడో వంతు కూడా కాదు. ఇరవై ఎకరాల తోట భుజం 285 మీటర్లు. అందులో లోపలి భాగం 245 మీటర్ల చదరం, మొత్తంలో దాదాపు ముప్పావు వంతు. డిస్పెన్సర్ల ఖర్చు ఎకరానికి ఒకటే, రక్షణ మాత్రం సుమారు 2.4 రెట్లు. పైగా మన కమతాలు చదరంగా ఉండవు. కాల్వ వెంట, బాట వెంట పొడవుగా సాగిన పట్టీల్లా ఉంటాయి. 40 మీటర్ల వెడల్పున్న పట్టీ అయితే ఈ లెక్క ప్రకారం తోటంతా అంచే.

దీన్నిబట్టి చిన్న రైతుకు ఈ పద్ధతి పనికిరాదని కొందరు వాదిస్తారు. పక్కపక్క రైతులు కలిస్తే చిన్న కమతం అడ్డే కాదని ఇంకొందరి వాదన. ఆపిల్ బ్లాకుల అనుభవం రెండో వాదనకే బలమిస్తుంది. కానీ అక్కడ చుట్టుపక్కల అందరిదీ ఆపిలే. మన దగ్గర బత్తాయి పక్కన పత్తి, దాని పక్కన వరి, మధ్యలో కౌలు చేను. ఇరవై ఎకరాల బత్తాయి ఒకేచోట ఉన్నా పది మంది యజమానులు ఉంటారు, అందులో ఒకరు కట్టకపోతే ఆ ముక్క మిగతావాటికి పురుగు సరఫరా చేస్తుంది. అయితే మన పంటల కలగలుపులో ఒక మంచి కూడా ఉంది. లీఫ్ మైనర్‌కు పత్తి, వరి పనికిరావు. చుట్టూ నిమ్మ జాతి చెట్టే లేని ఒంటరి తోట చిన్నదైనా దాని అంచు దాటి వచ్చే పురుగులు తక్కువే. కాబట్టి ఎకరాల కన్నా ముందు అడగాల్సింది, దగ్గరలో ఇంకో నిమ్మ తోట ఎంత దూరంలో ఉందన్నది.

## బుట్ట ఖాళీగా ఉంటే పని జరిగినట్టేనా

డిస్పెన్సర్లు కట్టాక తోటలో బుట్ట పెడితే అందులో ఒక్క మగ పురుగూ పడదు. అమ్మేవాళ్లు రుజువుగా చూపించేది ఇదే. అది కొంతవరకే నిజం. బుట్టలోని ఎరను మగది కనుక్కోలేకపోయిందని మాత్రమే అది చెబుతుంది. ఒకే కొమ్మ మీద అడుగు దూరంలో ఉన్న ఆడదాన్ని కూడా కనుక్కోలేకపోయిందని చెప్పదు. పక్క తోట నుంచి జతకట్టి వచ్చిన ఆడదాని గురించి అసలే చెప్పదు. ఆపిల్ తోటల్లో బుట్టలు ఖాళీగా ఉండి కాయల్లో పురుగు ఉన్న సందర్భాలు చూశాకే, అక్కడ పదింతలు బలమైన ఎరలు, ఆడ పురుగులను కూడా లాగే పియర్ పండు వాసన ఎరలు వాడటం మొదలుపెట్టారు.

లీఫ్ మైనర్ విషయంలో నమ్మదగిన కొలత ఆకే. ఇగురు వచ్చిన రెండు మూడు వారాలకు, తోట మధ్యలో కొన్ని చెట్లు, అంచులో కొన్ని చెట్లు ఎంచుకుని, చెట్టుకు కొన్ని కొత్త రెమ్మల్లో సొరంగం పడ్డ ఆకులు ఎన్నో, మొత్తం ఎన్నో లెక్కపెట్టాలి. డిస్పెన్సర్లు కట్టని తోటలో అదే వారం అదే లెక్క తీయాలి. ఉదాహరణకు కట్టని తోటలో 100 ఆకుల్లో 60 దెబ్బతింటే, కట్టిన తోట మధ్యలో 20, అంచులో 50 ఉన్నాయనుకుందాం. పద్ధతి పనిచేస్తోంది, కానీ పురుగు బయటి నుంచి వస్తోందని అర్థం. మధ్యలోనూ అంచులోనూ 55 చొప్పున ఉంటే వాసనే చాలలేదు, లేదా మిశ్రమమే మన పురుగుకు సరిపడలేదు. రెండు తోటల్లోనూ 10 దాటకపోతే ఆ ఏడాది పురుగే రాలేదు, మందుకు మార్కులు వేయలేం.

## ఎండ, ఖర్చు, మిగిలిన పిచికారీలు

డిస్పెన్సర్ నుంచి వాసన ఎంత వేగంగా వెళ్లిపోతుందన్నది వేడి మీద ఆధారపడుతుంది. చల్లటి దేశంలో పరీక్షించి ఇన్ని నెలలు పనిచేస్తుందని డబ్బా మీద రాస్తే, నల్గొండలో మే నెల 44, 45 డిగ్రీల్లో అంతకాలం రాదు. లీఫ్ మైనర్ ఫెరోమోన్‌లోని మూడు జంట బంధాల పదార్థం ఎండకు, గాలికి త్వరగా చెడిపోయే రకం కూడా. దీనికి ఒక వెసులుబాటు ఉంది. నడి ఎండాకాలంలో ఇగురు తక్కువ, పురుగూ తక్కువ. వానల తర్వాత వచ్చే ఇగురుకు ముందు కట్టాల్సినదాన్ని మార్చిలో కట్టేస్తే, అసలు అవసరం వచ్చేసరికి గొట్టాలు ఖాళీ అయి ఉంటాయి.

ఖర్చు లెక్కలో ఎక్కువమంది మర్చిపోయేది ఏమిటంటే, ఇది ఏ పిచికారీని తప్పిస్తుందన్నది. ఆపిల్‌లో కాడ్లింగ్ మాత్ ప్రధాన శత్రువు. దాని కోసం కొట్టే మందులు ఆగితే మిత్ర పురుగులు పెరిగి, నల్లి లాంటివి వాటంతట అవే తగ్గాయి. బత్తాయిలో పరిస్థితి వేరు. అదే లేత ఇగురు మీద సిల్లా కూడా వస్తుంది, అది గ్రీనింగ్ తెగులును మోస్తుంది. సిల్లా కోసం ఇగురు దశలో కొట్టే మందుల్లో కొన్ని లీఫ్ మైనర్‌నూ అదుపు చేస్తాయి. ఆ పిచికారీ ఎలాగూ తప్పదనుకునే రైతుకు డిస్పెన్సర్ ఖర్చు అదనంగా పడుతుంది తప్ప ఏదీ మిగలదు. సిల్లా పెద్దగా లేకుండా, గజ్జి బెడద ఎక్కువగా ఉన్న నిమ్మ తోటలో మాత్రం లెక్క మారుతుంది. మందులు కొట్టలేని సేంద్రియ తోటలోనూ అంతే. నర్సరీల సంగతి వేరు. అక్కడ మొక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి, షేడ్ నెట్ గాలిని ఆపుతుంది, ఏడాది పొడవునా ఇగురు ఉంటుంది, మొక్క ధర ఆకును చూసే పలుకుతుంది. లేత తోటకున్న ఇబ్బంది అక్కడ లేదు కాబట్టి, ఈ ప్రాంతంలో మొదట పరీక్షించి చూడాల్సిన చోటు పెద్ద బత్తాయి తోట కన్నా నర్సరీయే అని నా అభిప్రాయం.